మాటల్లో కనిపించని నక్క

బడి పత్రికలో పుస్తక పరిచయానికి దొరికే చోటు చాలా చిన్నది. మహా అయితే 150 మాటలు. ఆ కాస్తలోనే, పుస్తకం పిల్లల చేతికి వస్తే ఏం జరుగుతుందో టీచరు అమ్మానాన్నలకు చెప్పాలి. బొమ్మల పుస్తకం దగ్గర చాలా పరిచయాలు తప్పేది ఇక్కడే. కథంతా చెప్పేసి, 'బొమ్మలు ఆకర్షణీయంగా ఉన్నాయి' అని ఒక మాట చేర్చి, చివర నీతి పెడతాయి. ఆ బొమ్మలు చేసే పని ఏమిటో మాత్రం చెప్పవు.

బ్రిటిష్ రచయిత్రి పాట్ హచిన్స్ పుస్తకం 'రోజీస్ వాక్' తీసుకుని చూద్దాం. 1968లో వచ్చింది. బొమ్మలు కూడా ఆమే వేశారు. పుస్తకం మొత్తానికి ఉన్నది ఒకే ఒక ఇంగ్లీషు వాక్యం, 32 మాటలు. రోజీ అనే కోడిపెట్ట షికారుకు బయల్దేరుతుంది. పెరడు దాటి, చెరువు చుట్టూ తిరిగి, గడ్డివామి ఎక్కి దిగి, పిండిమర పక్కనుంచి, కంచె సందులోంచి, తేనెపెట్టెల కిందనుంచి నడిచి భోజనం వేళకు ఇల్లు చేరుతుంది. ఇంతే చదివితే ఇందులో కథేముంది అనిపిస్తుంది.

బొమ్మల్లో మాత్రం రోజీ వెనకాలే ఒక నక్క ఉంది. రచయిత్రి రాసిన మాటల్లో దాని ఊసే లేదు. అది కోడి మీదికి ఎగిరిన ప్రతిసారీ ఏదో ఒకటి అవుతుంది. ఒకసారి దంతె మీద కాలేస్తుంది, దంతె కర్ర లేచి మొహానికి కొడుతుంది. ఇంకోసారి చెరువులో పడుతుంది. పిండిమర దగ్గర రోజీ కాలికి తాడు తగులుకుని, పైనున్న పిండి మూట నక్క నెత్తిన కుమ్మరించుకుంటుంది. చివరికి తేనెటీగలు తరుముకుంటే పారిపోతుంది.

టీచరు గమనించాల్సిన ముఖ్య సంగతి పేజీ తిప్పడం. మాటలున్న పేజీల్లో చాలాచోట్ల నక్క గాల్లోకి లేచి ఉంటుంది. పేజీ తిప్పితే దెబ్బ తగులుతుంది, అక్కడ ఒక్క మాట కూడా ఉండదు. దంతె ముందు పేజీలోనే నేల మీద కనిపిస్తుంది కనుక, ఒకటి రెండు దెబ్బలు చూసిన పిల్లలు తర్వాతిది ముందే కనిపెట్టి అరవడం మొదలుపెడతారు. పెద్దవాళ్లు అక్షరాలు చదువుతుండగా, చదవడం రాని పిల్లలు వాళ్లకన్నా ఎక్కువ కథ తెలుసుకుంటారు. నా దృష్టిలో ఈ పుస్తకం గొప్పతనమంతా ఇదే. అందుకే పరిచయం రాసే ముందు దాన్ని పిల్లలకు చదివి వినిపించాలి. వాళ్లు ఎక్కడ అరిచారో, ఏ పేజీ మళ్లీ చూపించమన్నారో రాసిపెట్టుకుంటే సగం పరిచయం తయారైనట్టే.

రెండో తరగతి టీచరు దీన్ని ఇలా రాయవచ్చు:

"రోజీ కోడి షికారుకు వెళ్లింది. ఆ సంగతి మాటలు చెబుతాయి. దాని వెనక ఎవరున్నారో మాత్రం బొమ్మలే చెబుతాయి. మీరు చదువుతుంటే మీ పాప 'వెనక్కి చూడు!' అని రోజీని హెచ్చరిస్తుంది. మాటల్లేని పేజీలను గబగబా తిప్పేయకండి, అసలు కథ అక్కడే ఉంది. ముందు ఏం జరగబోతోందో పాపనే చెప్పనివ్వండి. వెనక నక్క ఉందని రోజీకి తెలుసా, తెలియదా? మా తరగతిలో ఇది తేలలేదు, మీ ఇంట్లో అడిగి చూడండి. నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల పిల్లలకు బాగుంటుంది. తేనెపెట్టెలు చూడని పిల్లలకు అవేమిటో ముందే చెప్పండి."

ఇందులో నక్కకు తగిలే దెబ్బలు ఒక్కటీ చెప్పలేదు. వాటిని ముందే చెప్పేస్తే పిల్లలు కనిపెట్టడానికి ఏమీ మిగలదు. పుస్తకంలో ఉన్న ఇబ్బందిని కూడా దాచలేదు. నలభై మంది తరగతిలో టీచరు పుస్తకం పైకెత్తి చూపితే వెనక బెంచీలకు దంతె కనిపించదు, ఐదారుగురిని చుట్టూ కూర్చోబెట్టుకుని చదవాలి. ఇదే పరిచయం తోటి టీచర్ల కోసమైతే ఆ సంగతీ చేర్చాలి.

రాసింది సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే, పుస్తకం పేరు, పాత్రల పేర్లు చేత్తో మూసి చదవండి. మిగిలిన వాక్యాలు ఏ బొమ్మల పుస్తకానికైనా సరిపోయేలా ఉంటే మళ్లీ రాయాల్సిందే. పిల్లలకు నీతి కోసం వెతక్కండి, రోజీ షికారులో అది లేదు.

చివరి వరుసలో పుస్తకం పేరు, రచయిత్రి పేరుతో పాటు అది మీ బడి లైబ్రరీలో ఏ బీరువాలో ఉందో, ఇంటికి ఏ రోజు ఇస్తారో తప్పక రాయండి.