స్తూపం కట్టించిన ఇంట్లోనే అశ్వమేధం!

నాగార్జునకొండను ఏలిన ఇక్ష్వాకుల మతమేది? ‘బౌద్ధం’ అనేస్తారు కదా! మహాచైత్యం దగ్గరి ఆయక స్తంభాల మీది ప్రాకృత శాసనాలు చూడండి. 3వ శతాబ్దంలో ఆ స్తంభాలు నిలిపింది రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి. ఆ రాజు అశ్వమేధం చేశాడనీ, మహాసేనుడి అనుగ్రహం పొందాడనీ చెప్పేదీ అవే శాసనాలు. అంటే ఒకే ఇంట్లో యజ్ఞమూ ఉంది, స్తూపమూ ఉంది.

అయితే శాసనంలో వినిపించేది దానమిచ్చినవాళ్ల గొంతే. ఇవ్వలేని రైతు ఎవరికి మొక్కాడో అందులో దొరకదు. పోనీ నాణేలు? ఇక్ష్వాకుల సీసపు నాణేలపై ఏనుగు ఉంటుంది. దాన్నిబట్టే బౌద్ధమని తేల్చేస్తే తొందరపాటే.

తర్వాత ఏమైంది? 7వ శతాబ్దంలో ధాన్యకటక ప్రాంతానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆరామాలు చాలావరకు పాడుబడ్డాయనీ, 20 దాకా మిగిలాయనీ రాశాడు. ఆయన స్వయంగా బౌద్ధ భిక్షువు. సొంత మతానికి అనుకూలం కాని సంగతి చెప్పాడు కాబట్టే ఆ మాటకు బరువెక్కువ.