35 శాతం అనుకుని 19 శాతానికి కట్టే పందెం

రమ్మీ ఆడినవాళ్లకు డ్రాప్ ఖరీదు ముందే తెలుసు. పాయింట్స్ రమ్మీలో మొదట్లోనే ముక్కలు పడేస్తే 20 పాయింట్లు, మధ్యలో పడేస్తే 40. ఆ లెక్క ఎవరితో ఆడినా మారదు. టెక్సస్ హోల్డెమ్ పోకర్‌లో అలా కాదు. అక్కడ తర్వాతి ముక్క చూడాలంటే డబ్బు కట్టాలి, ఎంత కట్టాలో ఎదుటి ఆటగాడు నిర్ణయిస్తాడు. ఆ ధర మనకు గిట్టుతుందా లేదా అన్నదే కొత్తవాళ్లకు కొరుకుడుపడని విషయం.

హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు వస్తాయి. అవి ఎవరివి వాళ్లకే కనిపిస్తాయి. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. మొదట మూడు కలిపి తెరిస్తే ఫ్లాప్, తర్వాతి ఒక్కటి టర్న్, చివరిది రివర్. ప్రతి మెట్టు దగ్గరా పందెం ఉంటుంది. మొత్తం ఏడింటిలో మంచి ఐదు ముక్కలే మన చేయి.

ఒక ఆట చూద్దాం. మీ చేతిలో ఆటీను 10, ఆటీను 8 ఉన్నాయి. ఫ్లాప్‌లో ఆటీను రాజు, ఆటీను 4, కళావరు 2 పడ్డాయి. మీతోపాటు ఒక్కరే మిగిలారు. అతని దగ్గర రాజుల జత ఉందనుకుందాం. మీకు నాలుగు ఆటీన్లు ఉన్నాయి, ఇంకొక్కటి పడితే ఫ్లష్. పాట్‌లో 100 చిప్స్ ఉండగా అతను 50 కట్టాడు. మీ తెర మీద కాల్ 50 అని కనిపిస్తోంది, పక్కన టైమర్ తిరుగుతోంది.

ముందు ధర చూడాలి. పాట్‌లో ఉన్న 100, అతను వేసిన 50, మీరు వేయబోయే 50 కలిపితే 200. అందులో మీ 50 అంటే 25 శాతం. దీన్నే పాట్ ఆడ్స్ అంటారు. ఇలాంటి చోట నూటికి 25 సార్లు గెలిస్తే పెట్టింది తిరిగొస్తుంది, అంతకంటే ఎక్కువ గెలిస్తే లాభం. మీ 50ని కూడా మొత్తంలో కలపడం మరిచిపోవద్దు. దాన్ని వదిలేసి 150లో 50 అని లెక్కేస్తే 33 శాతం వస్తుంది, మంచి కాల్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది.

ఇక రెండో వైపు ఈక్విటీ. ఇప్పుడున్న స్థితి నుంచి ఆట చివరిదాకా సాగితే పాట్‌లో సగటున మీకు దక్కే వాటా అది. పేకలో ఆటీన్లు 13. నాలుగు కనిపిస్తున్నాయి, తొమ్మిది మిగిలాయి. ఈ పనికొచ్చే ముక్కలను ఔట్స్ అంటారు. టర్న్, రివర్ రెండూ చూడగలిగితే కనీసం ఒక ఆటీను పడే అవకాశం సుమారు 35 శాతం. తొమ్మిదిని నాలుగుతో గుణించి 36 అని నోటిలెక్కగా చెప్పేది ఇదే.

35 అంటే 25 కంటే ఎక్కువే కదా అని కాల్ నొక్కేస్తారు. కొత్తవాళ్ల చిప్స్ ఎక్కువగా కరిగేది ఇక్కడే. ఆ 35 శాతం రెండు ముక్కలది. మీరు కడుతున్న 50 కొనిపెట్టేది టర్న్ ఒక్కదాన్నే. రివర్‌కి మళ్లీ ధర అడుగుతారు. ఒక్క ముక్కకు మీ అవకాశం, కనిపించని 47లో తొమ్మిది, అంటే 19 శాతం. ఒక ముక్కకైతే ఔట్స్‌ని రెండుతో గుణించాలి, నాలుగుతో కాదు.

సరే, కాల్ చేశారు. టర్న్‌లో ఇస్పేటు 6 పడింది, మీకు ఉపయోగం లేదు. ఇప్పుడు పాట్ 200. అతను ఈసారి 100 కట్టాడు. మీరూ 100 వేస్తే మొత్తం 400, అంటే ధర మళ్లీ 25 శాతం. కనిపించని ముక్కలు 46, ఆటీన్లు తొమ్మిదే. ఈ 46 ముక్కల్లో ఒక్కోటీ ఒక్కోసారి రివర్‌గా పడిందనుకోండి. తొమ్మిది సార్లు మీకు 300 చొప్పున 2,700 వస్తాయి. 37 సార్లు 100 చొప్పున 3,700 పోతాయి. 46 కాల్స్‌కు 1,000 చిప్స్ నష్టం, ఒక్కోదానికి దాదాపు 22. అయిదింట ఒకసారి మాత్రం గెలుస్తారు కాబట్టి ఆ గెలుపే గుర్తుండిపోతుంది, ఈ 22 ఎక్కడా కనిపించదు.

అతను 100కి బదులు 50 మాత్రమే కట్టి ఉంటే కథ వేరు. 200, 50, 50 కలిపి 300లో మీ వంతు 16.7 శాతం. మీ అవకాశం 19.6. కాల్ చేయాల్సిందే. అదే చేయి, అవే ముక్కలు, ధర ఒక్కటే మారింది.

మరి 35 శాతం ఎప్పుడు పనికొస్తుంది? ఫ్లాప్‌లో అతను కట్టిన 50 తన దగ్గరున్న ఆఖరి చిప్స్ అయినప్పుడు. ఆల్-ఇన్ అయ్యాక మళ్లీ పందెం ఉండదు, ఆ 50తోనే మీరు రెండు ముక్కలూ చూస్తారు. అప్పుడు 25 శాతం ధరకు 35 శాతం వాటా దొరుకుతోంది, సందేహం లేకుండా కట్టొచ్చు.

టర్న్‌లో ధర గిట్టకపోయినా, ఆటీను పడ్డాక రివర్‌లో ఇంకా రాబట్టుకుంటాం కదా అనేవాళ్లుంటారు. ఆ మాటలో నిజం ఉంది, దాన్ని కూడా కొలవాలి. 100 కట్టిన కాల్ నష్టం లేకుండా ఉండాలంటే, గెలిచిన ప్రతిసారీ సుమారు 411 రావాలి. పాట్‌లో ఉన్నది 300. మిగతా 111 రివర్‌లో అతను ఇవ్వాలి. అతని దగ్గర 80 చిప్సే మిగిలి ఉంటే అది జరగని పని. ఎక్కువే ఉన్నా, బల్ల మీద మూడో ఆటీను చూడగానే చాలామంది జాగ్రత్తపడతారు. నా మట్టుకు నేను, ఎదుటివాళ్లు ప్రతి పందెానికీ కాల్ చేసే రకమైతే తప్ప, ఆ 111ని నమ్మను.

ఔట్స్ లెక్కలోనూ ఒక మోసం ఉంది. అతని దగ్గర జత కాక మూడు రాజులున్నాయనుకోండి. రివర్‌లో ఆటీను 2 గానీ ఆటీను 6 గానీ పడితే మీకు ఫ్లష్ వస్తుంది, కానీ బల్ల మీద జత పడి అతనికి ఫుల్ హౌస్ అవుతుంది. తొమ్మిది కాస్తా ఏడవుతాయి. ఇంకో సంగతి, మీ 10 స్థానంలో ఆటీను ఆసు ఉందనుకోండి. మిగిలిన మూడు ఆసులూ ఔట్స్‌లో కలిసి 12 అయితే 26 శాతం, టర్న్‌లో ఆ 100 కాల్ అంచు మీద గిట్టినట్టు కనిపిస్తుంది. అతని చేతిలో ఆసు, రాజు ఉంటే మాత్రం ఇంకో ఆసు పడటం వల్ల అతనికి రెండు జతలు వస్తాయి, మీరు మరింత పోగొట్టుకుంటారు. అందుకే అనుమానం ఉన్న ముక్కను సగమే లెక్కపెట్టుకోవడం మేలు.

మన దగ్గర ఇదంతా ఉచిత చిప్స్‌తో ఆడే ఆటకే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ డబ్బు పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా దేశమంతటా ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను నిషేధించింది. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి అమెరికా రాష్ట్రాల్లో లైసెన్సు ఉన్న సైట్లలో ఆడేవాళ్ల సంగతి వేరు. ఉచిత చిప్స్‌ ఆటలో ఓడినా పోయేదేమీ లేదని అందరూ అన్నింటికీ కాల్ చేస్తుంటారు, కాబట్టి అక్కడి గెలుపోటములను బట్టి మీ ఆటను అంచనా వేసుకోవద్దు.

దానికి బదులు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. కాల్ నొక్కే ముందు మూడు అంకెలు రాయండి: ధర ఎంత శాతం, ఔట్స్ ఎన్ని, ఆ డబ్బుతో చూడబోయేది ఒక ముక్కా, రెండా. వంద కాల్స్ అయ్యాక ధర కంటే అవకాశం తక్కువున్న వాటిని, గెలిచినవైనా సరే, ఎర్ర సిరాతో కొట్టేయండి.