యంత్రం గీసిన ఆఫీసులో మనవాళ్లేరి?

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. బెంగళూరు వెళ్లే 44వ జాతీయ రహదారి పక్కనున్న పాల్మాకుల లాంటి ఊళ్లకు ఆ తర్వాతే నగరం దగ్గరైంది. ఈ చుట్టుపక్కల ఒక కోవర్కింగ్ ఆఫీసు ఉందని, అందులో పదిమంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నాలుగు బల్లలు అద్దెకు తీసుకుందని అనుకుందాం. వాళ్లు వెబ్‌సైట్ తయారు చేసుకుంటున్నారు. మొదటి పేజీ పైభాగంలో ఒక పెద్ద బొమ్మ కావాలి. ఫొటోగ్రాఫర్‌ను పిలిచే తీరిక లేక, మాటలిస్తే బొమ్మ గీసే కృత్రిమ మేధ సాధనం తెరిచి, అందరూ రాసే వాక్యమే రాశారు:

```
diverse team working in a modern coworking office
```

క్షణాల్లో బొమ్మ వచ్చేస్తుంది. గాజు గోడలు, ఇటుక గోడ, తెల్లటి బల్ల, చేతిలో కాఫీ కప్పు, అందరి ముఖాల్లో ఒకే నవ్వు, కిటికీ అవతల ఏదో అమెరికా నగరం. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు, కానీ మన ఆఫీసులో కూర్చునే మనిషి ఒక్కరూ కనిపించరు. ఇలా ఎందుకు వస్తుందో తెలియాలంటే ఆ వాక్యం యంత్రం లోపలికి వెళ్లాక ఏమవుతుందో చూడాలి.

చుక్కల్లోంచి బొమ్మ

ఈ సాధనాల్లో చాలావాటికి ఆధారం డిఫ్యూజన్ పద్ధతి. శిక్షణ సమయంలో ఒక ఫొటోను, దాని కింద రాసిన వ్యాఖ్యను కలిపి ఇస్తారు. ఫొటో మీద ఇష్టమొచ్చినట్టు చుక్కలు చల్లి పాడుచేస్తారు. ఏ చుక్కలు తర్వాత చల్లినవో, ఏది అసలు బొమ్మో విడదీయడమే యంత్రం నేర్చుకోవలసిన పాఠం. కోట్ల ఫొటోల మీద ఈ పాఠం నేర్చాక దానికి ఫొటో ఇవ్వరు, ఉత్త చుక్కలే ఇస్తారు. ప్రాంప్ట్‌లోని మాటలను ఆసరా చేసుకుని అది ఒక్కో విడతలో కొన్ని చుక్కలు తీసేస్తూ పోతుంది. సాధారణంగా 20 నుంచి 50 విడతల్లో బొమ్మ తేలుతుంది.

2022 ఆగస్టులో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ ఈ పనిని పూర్తి బొమ్మ మీద చేయదు. 512 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న రంగుల బొమ్మలో 7,86,432 అంకెలుంటాయి. వాటిని 48 రెట్లు కుదించి 16,384 అంకెల మీదే లెక్కలు చేసి, చివర్లో పెద్ద బొమ్మగా విప్పుతుంది. మామూలు కంప్యూటర్లలోనూ ఇది నడవగలగడానికి కారణం ఈ కుదింపే. దీనివల్ల వచ్చే చిక్కు గురించి ముందు ముందు చెప్పుకుందాం.

అందరూ ఒకేలా ఎందుకుంటారు?

స్టేబుల్ డిఫ్యూజన్ శిక్షణకు వాడిన ఫొటోలు లయన్-5బి అనే సేకరణ నుంచి వచ్చాయి. అందులో సుమారు 585 కోట్ల బొమ్మల చిరునామాలు, వాటి వ్యాఖ్యలు ఉన్నాయి. 230 కోట్లకు పైగా వ్యాఖ్యలు ఇంగ్లీషువే. ఎవరో కూర్చుని ప్రత్యేకంగా రాసిన వ్యాఖ్యలు కావవి. వెబ్ పేజీల్లో బొమ్మ కనబడనప్పుడు చదువుకోవడానికి పెట్టే ‘ఆల్ట్ టెక్స్ట్’ నుంచి ఏరినవి.

ఇంగ్లీషు వెబ్‌లో ‘డైవర్స్ టీమ్’ అన్న వ్యాఖ్య ఎక్కువగా కనిపించేది ఫొటోలు అమ్మే స్టాక్ ఫొటో కంపెనీల పేజీల్లో. అక్కడ వైవిధ్యమంటే అమెరికా లెక్క: ఒక తెల్లవారు, ఒక నల్లజాతివారు, ఒక తూర్పు ఆసియావారు. మన ఆఫీసుల్లో వైవిధ్యం వేరుగా ఉంటుంది. ఆదిలాబాద్ నుంచి వచ్చిన అబ్బాయి, ఒడిశా అమ్మాయి, మణిపూర్ నుంచి వచ్చిన టెస్టర్, యాభై దాటిన అకౌంటెంటు మేడమ్, చక్రాల కుర్చీలో వచ్చే కోడర్ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. యంత్రం నేర్చుకున్న వ్యాఖ్యల్లో ఈ రకం బల్ల చాలా అరుదు.

లోకంలో ఉన్న పక్షపాతం బొమ్మల్లో అంతే మోతాదులో బయటపడితే కొంత నయం. అది తరచూ మరింత పెరిగి బయటపడుతుంది. 2023లో బ్లూమ్‌బర్గ్ పాత్రికేయులు స్టేబుల్ డిఫ్యూజన్‌తో వేల బొమ్మలు గీయించి లెక్కపెట్టారు. అమెరికాలో న్యాయమూర్తుల్లో 34 శాతం మహిళలు. యంత్రం గీసిన న్యాయమూర్తుల్లో మహిళలు 3 శాతమే. అదే ఏడాది రెస్ట్ ఆఫ్ వరల్డ్ పత్రిక మిడ్‌జర్నీని ‘ఒక భారతీయ వ్యక్తి’ని గీయమంటే దాదాపు ప్రతిసారీ గడ్డమున్న ముసలాయనే వచ్చాడు.

ఈ పెరుగుదలకు ఒక కారణం బొమ్మ గీసే పద్ధతిలోనే ఉంది. ప్రతి విడతలోనూ యంత్రం రెండు అంచనాలు వేస్తుంది. ఒకటి ప్రాంప్ట్‌ను చూస్తూ, రెండోది ఏ ప్రాంప్టూ లేకుండా. ఈ రెండింటికీ ఉన్న తేడాను సాధారణంగా 7.5 రెట్లు పెంచి వాడుతుంది:

```
noise = empty + 7.5 * (prompt - empty)
```

ఈ పెంపు లేకపోతే బొమ్మ ప్రాంప్ట్‌కు దూరంగా, మసకగా వస్తుంది. పెంచితే స్పష్టంగా, చెప్పినట్టే వస్తుంది. అయితే దానికి చెల్లించే మూల్యం వైవిధ్యమే. ‘ఆఫీసు’ అనగానే ఎక్కువసార్లు కనిపించిన రూపం వైపే బొమ్మలన్నీ జరిగిపోతాయి, అరుదైన రూపాలు రాలిపోతాయి. ఈ అంకెను తగ్గించుకునే వీలు చాలా సాధనాల్లో ఉంది. 4 లేదా 5కి దించి చూస్తే ముఖాల్లో, భంగిమల్లో కొంత తేడా కనిపిస్తుంది.

మాటలు మార్చి రాస్తే

కాబట్టి ‘డైవర్స్’ అని వదిలేయకుండా బల్ల దగ్గర ఎవరున్నారో, ఏం చేస్తున్నారో విడివిడిగా చెప్పాలి. మన కంపెనీవాళ్లు రెండోసారి ఇలా రాశారనుకుందాం:

```
candid photo, three coworkers at one table in a shared office in Hyderabad, woman in her fifties in a green cotton sari pointing at a laptop, young man in a wheelchair in a white shirt, young woman in a headscarf taking notes, window on the left with granite boulders outside, empty wall on the right
```

ఇందులో ప్రతి ముక్కకూ ఒక కారణం ఉంది. ‘క్యాండిడ్’ అన్న మాట కెమెరా వైపు చూసి నవ్వే స్టాక్ ఫొటో భంగిమ నుంచి బొమ్మను పక్కకు లాగుతుంది. లాప్‌టాప్ చూపిస్తున్నది ఎవరో చెప్పకపోతే ఆ పని సాధారణంగా మగవాడికే వెళుతుంది. కిటికీ అవతల దక్కన్ గ్రానైట్ గుండ్లు అడగకపోతే గాజు మేడలే వస్తాయి. కుడివైపు ఖాళీ గోడ వెబ్‌సైట్ శీర్షికకు చోటు.

ముగ్గురినే ఎందుకు అడిగారు? మొదటి కారణం కుదింపు. కుదించిన బొమ్మలో ఒక్కో గడి అసలు బొమ్మలో 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పును మోస్తుంది. వెనక వరుసలో 40 పిక్సెళ్ల వెడల్పున్న ముఖానికి దక్కేవి అడ్డంగా ఐదు గడులే. కళ్లు, ముక్కు, నోరు ఆ ఐదు గడుల్లో ఇమడాలి. దూరపు ముఖాలు కరిగినట్టు కనబడటానికి కారణం ఇదే. రెండో కారణం, లక్షణాలు ఒకరి నుంచి ఒకరికి పాకడం. ఐదుగురికి ఐదు రంగుల బట్టలు చెబితే ఆకుపచ్చ చీర చొక్కా అయిపోవచ్చు, ఒక మనిషి పూర్తిగా మాయం కావచ్చు.

పొడవుకూ హద్దుంది. తొలి స్టేబుల్ డిఫ్యూజన్ మాటలను అర్థం చేసుకోవడానికి క్లిప్ అనే నమూనా మీద ఆధారపడింది. అది ఒకసారికి 77 టోకెన్లే చదువుతుంది, అందులో రెండు మొదలుకూ చివరకూ పోతాయి. మిగిలిన 75 దాటినవాటిని వదిలేస్తుంది. పై ప్రాంప్ట్ ఆ హద్దులోనే ఉంది. అదే విషయం తెలుగులో రాస్తే ఇమడదు. మన అక్షరాల్లో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అన్న మాటే 18 బైట్లు. పైగా ఆ నమూనా నేర్చినది ప్రధానంగా ఇంగ్లీషు. తర్వాత వచ్చిన సాధనాలు పొడవైన వాక్యాలను బాగా చదువుతున్నాయి, కొన్ని తెలుగును కూడా అర్థం చేసుకుంటున్నాయి. అయితే వాటిలో కొన్ని మనం రాసిన ప్రాంప్ట్‌ను లోపల తిరగరాసి వాడతాయి. తిరగరాసిన వాక్యాన్ని చూపించే వీలుంటే తప్పక చదవండి. అడగనివి అక్కడే చేరుతాయి. ఇలాంటి చేర్పులు హద్దు మీరి, చరిత్రలోని మనుషులను కూడా తప్పుగా గీయడంతో 2024 ఫిబ్రవరిలో గూగుల్ తన జెమినిలో మనుషుల బొమ్మలు గీయడాన్ని కొంతకాలం ఆపేయాల్సి వచ్చింది.

వచ్చిన బొమ్మను పరీక్షించడం

ఒక్క బొమ్మ చూసి తీర్పు చెప్పకూడదు. మొదటి చుక్కలను నిర్ణయించే అంకెను సీడ్ అంటారు. మిగతా అమరికలు మార్చకుండా అదే సీడ్ ఇస్తే అదే బొమ్మ వస్తుంది, సీడ్ మారిస్తే కొత్త బొమ్మ వస్తుంది. ఒకే ప్రాంప్ట్‌ను ఇరవై సీడ్లతో నడిపి కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టండి: ఎన్నిటిలో మేడమ్ మాట్లాడుతున్నారు, ఎన్నిటిలో వింటున్నారు? చక్రాల కుర్చీ అబ్బాయి బల్ల దగ్గర ఉన్నాడా, ఓ మూలకు జరిగాడా? ఏ మాట వల్ల ఏం మారిందో తెలియాలంటే సీడ్‌ను అలాగే ఉంచి ఒక్క మాటే మార్చాలి.

తర్వాత దగ్గరగా చూడాలి. చీర కొంగు ఎడమ భుజం మీద ఉందా? కుచ్చిళ్లు ఎక్కడో మొదలై నడుం దగ్గర మాయమవుతున్నాయా? చక్రాల కుర్చీకి ముందు చిన్న చక్రాలు, కాళ్లు పెట్టుకునే పలకలు ఉన్నాయా, లేక ఆసుపత్రి కుర్చీలా ఉందా? బల్ల కింద కాళ్లు మనుషుల లెక్కకు సరిపోతున్నాయా? గోడ మీద తెలుగు అక్షరాల్లాంటివి కనిపిస్తే ఆ బొమ్మను పక్కన పెట్టండి. అవి తరచూ అక్షరాలు కావు, అక్షరాల నీడలు. బొమ్మలో రాత ఏదీ అడగకుండా, శీర్షికను వెబ్ పేజీలోనే విడిగా రాసుకోవాలి.

ఎక్కడ వాడకూడదు

బొమ్మ ఎంత బాగా వచ్చినా ‘మా బృందం’ పేజీలో పెట్టకూడదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 2000లో దరఖాస్తు పుస్తకం అట్ట మీద ఫుట్‌బాల్ ఆట చూస్తున్న విద్యార్థుల ఫొటో వేసింది. జనంలో ఒక నల్లజాతి విద్యార్థి కనిపించాడు. అతను ఆ ఆటకు వెళ్లనే లేదు. వేరే ఫొటోలోంచి అతని ముఖం తెచ్చి అతికించారు. విషయం బయటపడగానే విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పి ఆ పుస్తకాలను మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. అప్పుడు ముఖం నిజం, సందర్భం అబద్ధం. ఇప్పుడు ముఖమే అబద్ధం కావచ్చు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే అమ్మాయి ఆ బొమ్మ చూసి, అక్కడ తనలాంటివాళ్లు ఉన్నారని నమ్ముతుంది.

మొదటి పేజీలో అలంకరణగా వాడితే కింద ‘యంత్రం గీసిన ఊహాచిత్రం’ అని రాయండి. ఆల్ట్ టెక్స్ట్‌లోనూ అదే చెప్పండి. చూపులేనివారికి స్క్రీన్ రీడర్ వినిపించేది ఆ వాక్యమే:

```
<img src="office.webp" alt="యంత్రం గీసిన ఊహాచిత్రం: ఒకే బల్ల దగ్గర ముగ్గురు సహోద్యోగులు">
```

ఆ చిన్న వాక్యం రేపటి యంత్రాల పాఠం కూడా. లయన్-5బి ఏరుకున్నది ఇలాంటి వాక్యాలనే. మన వెబ్‌సైట్లలో మన ఆఫీసుల అసలు ఫొటోలు, వాటిలో ఉన్నవాళ్ల అనుమతితో, ఉన్నది ఉన్నట్టు చెప్పే వ్యాఖ్యలతో ఎక్కువగా ఉంటే, తర్వాతి నమూనాలు నేర్చుకునే ఆఫీసులో మనవాళ్లూ ఉంటారు. మీ కంపెనీ వెబ్‌సైట్‌కు బొమ్మ కావాలంటే ముందు ఫోన్ తీసి మీ బల్లను ఒక ఫొటో తీయండి. కింద నిజం రాయండి, తెలుగులోనూ రాయండి.