ఒకే ఫోను, మూడు గొంతులు: దండల ఆర్డరు ఎందుకు పోయింది



రీలింగుకు పనికిరాని జంట గూళ్లు, చిల్లు గూళ్లతో దండలు కట్టి వాట్సాప్‌లో అమ్మే ఇండ్లు మనలో ఉన్నాయి. మాదీ అందులో ఒకటి. పోయిన పెండ్లిళ్ల సీజన్‌లో పది దండల ఆర్డరు మా చేయి జారిపోయింది. దండల్లో తప్పు లేదు, ధరలోనూ లేదు. తప్పంతా జవాబుల్లోనే.

హైదరాబాదు నుంచి ఒకామె "పది దండలు 12వ తేదీ లోపల అందుతాయా?" అని అడిగింది. పొద్దున అమ్మ "వస్తాయి తల్లీ, దిగులు పడొద్దు" అని వాయిస్ పెట్టింది. మధ్యాహ్నం తమ్ముడు "నీవు అడ్వాన్స్ వేస్తే చూస్తాం" అని కొట్టినాడు. రాత్రి మేము "డియర్ కస్టమర్, డెలివరీకి 7 రోజులు" అని రాసినాం. "మీలో ఎవరి మాట నమ్మాలండీ?" అని అడిగి, ఆమె ఇంకో చోట కొనుక్కుంది.

తమ్ముడు కన్నడ బడిలో చదివినాడు. కన్నడలో "నీవు" అంటే మర్యాద, మన "మీరు" లాంటిది. తెలుగులో అదే మాట పెద్దవాళ్లకు అంటే తప్పు. వాడికి ఆ ఉద్దేశమే లేదు, కానీ చదివినామెకు అది ఎట్లా తెలుస్తుంది?

తరువాత పాత చాట్‌లన్నీ తీసి ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. ఎవరు అడిగినా ధర, తేదీ, రంగు, తగ్గింపు, ఫిర్యాదు, ఈ ఐదే. మాటతీరు దిద్దే ముందు లెక్క దిద్దినాం. పది దండలు కట్టడానికి 3 రోజులు, కొరియర్‌కు 4 రోజులు, దండ 350 రూపాయలు. లెక్క ముగ్గురి దగ్గర మూడు రకాలుగా ఉంటే, మాట ఎంత తీయగా ఉన్నా నమ్మకం రాదు.

ఆ తరువాత నాలుగు కట్టుబాట్లు పెట్టుకున్నాం. తెలుగులో అందరికీ "మీరు", "అండి". తల్లీ, బాస్, డియర్ వద్దు. కన్నడం వాళ్లకు "నీవు", తమిళం వాళ్లకు "నీంగ". సరుకుకు ఒకటే పేరు, "పట్టుగూళ్ల దండ". సిల్క్ మాల అంటే కొందరు బట్టతో చేసిందనుకున్నారు. అడిగినదానికి జవాబు ముందు, కారణం తరువాత, వాళ్లు చేయాల్సింది చివర. "చూస్తాం" అనే మాట వద్దు. కుదురుతుంది, లేదా కుదరదు.

ఆ మూడు జవాబులనూ కలిపితే ఇట్లా వచ్చింది:

"నమస్తే అండి. పది పట్టుగూళ్ల దండలు 12వ తేదీ లోపల అందిస్తాం. కట్టడానికి 3 రోజులు, కొరియర్‌కు 4 రోజులు పడుతుంది. 4వ తేదీ సాయంత్రం లోపల సగం డబ్బు పంపండి, 5న పని మొదలుపెడతాం. పంపిన రోజే కొరియర్ నంబరు పెడతాం, దిగులు పడకండి."

ఇందులో అమ్మ ఆప్యాయత ఉంది, తమ్ముడి అడ్వాన్స్ ఉంది, మా రోజుల లెక్క ఉంది. కంపెనీ మాట అరువు తెచ్చుకోలేదు, ఇంట్లో ఉన్న మంచి మాటలే ఏరుకున్నాం. తగ్గింపు అడిగితే "ఫిక్స్‌డ్ రేట్" అని తెంచెయ్యకుండా ఇప్పుడు ఇట్లా రాస్తాం: "ధర తగ్గించలేమండి. పది తీసుకుంటే కొరియర్ ఖర్చు మేమే పెట్టుకుంటాం."

ఇవి WhatsApp Business యాప్‌లో Quick replies కింద దాచుకున్నాం. చాట్‌లో `/` కొడితే జాబితా వస్తుంది. ఒకసారి పాత తేదీతోనే పంపేసినాం. అప్పటినుంచి తేదీ, సంఖ్య ఉన్న చోట గీతలు పెట్టి ఖాళీ వదులుతున్నాం. అది నింపకుండా పంపితే మన కంటికే తెలిసిపోతుంది.

ఫిర్యాదుకు మాత్రం దాచిన జవాబు వాడం. "రంగు చీరకు అంటింది" అన్నామెకు "మీ ఓపికకు ధన్యవాదాలు" అని పోతే కోపం రెట్టింపవుతుంది. ఆమె చెప్పిన మాటనే ముందు తిరిగి రాస్తాం: "దండ రంగు చీరకు అంటిందని చూసినాం అండి. రెండింటి ఫోటో పంపండి. ఈరోజు రాత్రి 8 లోపల ఏం చేయగలమో చెప్తాం." ఆ 8కి అమ్మే ఫోను చేస్తుంది.

కుదిరిందా లేదా అని చూడడానికి ఒక పద్ధతి ఉంది. పది జవాబులు తీసి ఎవరు రాసినారో ఇంట్లోవాళ్లనే అడగండి. చెప్పలేకపోతే మాట ఒకటైనట్టే. కొనేవాళ్లు మళ్లీ "అంటే ఎప్పుడొస్తాయి?" అని అడుగుతున్నారంటే మాత్రం ఆ జవాబును ఇంకోసారి దిద్దాలి.

పురుగులు పెద్ద మేతలో ఉండే వారం ఎవరి చేయీ ఖాళీగా ఉండదు. అప్పటికి ఒకటి దాచుకున్నాం: "ఇప్పుడు పురుగులకు ఆకు వేసే వేళ అండి. రాత్రి 8 తరువాత జవాబు ఇస్తాం." దీనికి ఇంతవరకు ఎవరూ కోప్పడలేదు.