ఆలస్యమైందని రాసే ఉత్తరంలో లెక్క ఉండాలి

బట్టల షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ జూన్ 18కి ఇస్తామన్నారు. పాత ఖాతాలు 40,000 కొత్త దాంట్లోకి ఎక్కించడానికి ఎనిమిది పనిదినాలు, పరీక్షకు ఐదు అనుకున్నారు. ఐదు రోజులు గడిచినా పూర్తయినవి 10,000 మాత్రమే. ‘వెంకటేశ్వరరావు’, ‘వి. రావు’ ఒకే మనిషా కాదా అని ఫోన్ నంబరుతో సరిచూడాల్సి రావడమే కారణం.

మేనేజరు ఇప్పుడేం రాయాలి? ‘సాంకేతిక కారణాల వల్ల’ అంటే షాపు యజమానికి ఏమీ తెలియదు. జరిగిన పనినే కొలబద్దగా పెట్టాలి: రోజుకు 2,000 అయ్యాయి, మిగిలిన 30,000కు ఇంకా 15 పనిదినాలు. శని, ఆదివారాలు పోను అది జూన్ 27. పరీక్ష ఐదు రోజులూ తగ్గించకూడదు, ఎందుకంటే అక్కడ వదిలేసిన తప్పు రేపు కౌంటర్లో బిల్లు మీద తేలుతుంది. కాబట్టి జులై 4. అనుకోనివాటికి రెండు రోజులు పెట్టుకుంటే జులై 8. ఆ రెండు రోజులు ఎందుకో కూడా దాచకుండా రాయాలి.

తేదీ ఒక్కసారి మారితే యజమాని సర్దుకుంటాడు. వారం వారం మారితే నమ్మడు. అందుకే ఈ ఉత్తరం జూన్ 17న కాదు, లెక్క తేలిన 6వ తేదీ సాయంత్రమే వెళ్లాలి.