ఫ్యాను ఆపండి, బీరువా తెరవండి

"అమ్మ ఇంకా ఫోనెత్తలేదా?"

ఒక శ్రవ్య నాటకంలో తండ్రి అనే మాట ఇది అనుకుందాం. ఆ పాత్ర వేసే నటుడు రాజమండ్రిలో తన పడకగదిలో ఉన్నాడు. కూతురు పాత్రధారిణి డాలస్‌లో, డైరెక్టర్ హైదరాబాద్‌లో, ఎడిటర్ విజయవాడలో. వినేవాళ్లకు మాత్రం తండ్రీకూతుళ్లు ఒకే వసారాలో కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే ఉండాలి.

అందుకు మొదటి సూత్రం ఒకటే. వీడియో కాల్ మాట్లాడుకోవడానికే, రికార్డింగ్‌కు కాదు. కాల్‌లో గొంతు కుదించుకుపోతుంది, నెట్ తడబడితే అక్షరాలు మింగేస్తుంది, గుసగుసను చప్పుడనుకుని చెరిపేస్తుంది. కాబట్టి ఎవరి గొంతు వాళ్ల కంప్యూటర్‌లోనే వేరుగా రికార్డు కావాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో వేవ్ ఫైల్ అని ముందే చెప్పుకుంటే ఎడిటర్‌కు అన్నీ ఒకే తీరులో అందుతాయి.

ఇక గది. మైకు కన్నా ముందు చూసుకోవాల్సింది ఇదే. గది మధ్య నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు వెనకాల 'టంగ్' మని తోక వినిపిస్తే మాట వెనకాలా అదే వినిపిస్తుంది. ఖరీదైన మైకు ఆ తోకను ఇంకా శుభ్రంగా పట్టిస్తుంది. దుస్తులు కుక్కిన బీరువా తలుపులు తెరిచి, దానికి ఎదురుగా మైకు పెట్టి, వెనక దండెం మీద బొంత వేలాడదీస్తే చాలావరకు తగ్గుతుంది. ఫ్యాను, ఏసీ ఆపాలి. పక్కింటి కుక్కర్ కూస్తే ఆ వాక్యం మళ్లీ చెప్పించడమే.

మైకు నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కకి ఉండాలి. సూటిగా ఉంటే 'ప', 'ఫ', 'భ' పలికినప్పుడు గాలి తగిలి 'దబ్' మంటుంది. మామూలు మాటకు మీటరు -12 దగ్గర, గట్టి మాటకు -6 దగ్గర ఆడితే సరి. 0 తాకితే గొంతు చిట్లినట్టే, దాన్ని అతికించడం కష్టం. చెవులకు వైరున్న హెడ్‌ఫోన్లు తప్పనిసరి. స్పీకరు పెడితే డైరెక్టర్ గొంతు కూడా మైకులోకి దూరుతుంది.

ఇప్పుడు ఆ మాట. నటుడు మొదటిసారి విసుగ్గా అన్నాడు. "కొంచెం ఎమోషన్ పెంచండి సార్" అంటే ఆయన గొంతు పెంచుతాడు, అంతే. డైరెక్టరే పలికి చూపిస్తే ఆ రాగాన్నే అనుకరిస్తాడు. అలా కాక, "సార్, పొద్దుట్నుంచి ఇది పదోసారి అడగడం. జవాబు మీకు తెలుసు. పిల్ల భయపడుతుందని మామూలుగా అడుగుతున్నారు. తను పక్కనే ఉంది" అంటే మాట దానంతటదే కిందికి దిగుతుంది. పక్కనే ఉంది అన్న ముక్క ముఖ్యం. పాత్రల మధ్య దూరం చెప్పకపోతే ఒకరు వీధి చివరికి వినపడేలా, ఇంకొకరు చెవిలో చెప్పినట్టు మాట్లాడతారు. డైరెక్టరో, మరొకరో కూతురి మాటలు అందిస్తుండాలి. నెట్‌లో మాట ఆలస్యంగా చేరుతుంది కాబట్టి నటుడి వాక్యం అయ్యాక మనసులో రెండు లెక్కపెట్టి నోరు విప్పాలి. అరుపులూ ఏడుపులూ చివర్న పెట్టుకుంటే గొంతు బొంగురుపోయినా మిగతా పని చెడదు.

ప్రతి ప్రయత్నానికి ముందు నటుడు "పద్నాలుగో డైలాగు, మూడో టేక్" అని పైకి చెప్పాలి. డైరెక్టర్ తన కాగితం మీద "14, టేక్ 3 బాగుంది, 6 నిమిషాల 40 సెకన్ల దగ్గర" అని రాసుకోవాలి. ఇది లేకపోతే ఎడిటర్ గంట రికార్డింగ్ మొత్తం వినాలి.

'ఫైనల్', 'కొత్త ఫైనల్' అని వచ్చే ఫైళ్లే ఎడిటర్‌కు అసలు తలనొప్పి. ఈ సన్నివేశానికి పేర్లు ఇలా ఉంటే చాలు:

```
EP02_SC05_NANNA_RAW.wav
EP02_SC05_NANNA_PICKUP01.wav
EP02_SC05_KUTURU_RAW.wav
```

రెండో భాగం, ఐదో సన్నివేశం, పాత్ర. RAW అంటే కోత పడని మొత్తం రికార్డింగ్. PICKUP అంటే తర్వాత మళ్లీ చెప్పించిన మాటలు. 5కు ముందు సున్నా ఎందుకంటే, అది లేకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు SC10ను SC5 కన్నా ముందు పేరుస్తాయి. నటుడి పేరు కాక పాత్ర పేరే పెట్టాలి. ఒకే నటుడు రెండు పాత్రలు వేస్తే అప్పుడు తెలుస్తుంది దాని విలువ. ఫైలును వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే పడ్డ శ్రమంతా వృథా. డ్రైవ్‌లో పెట్టి లింకు పంపాలి, ఎడిటర్ తెరిచి చూశానని చెప్పేదాకా అసలు కాపీ చెరపకూడదు.

చివరిగా ఒక మాట. డైలాగులైపోగానే లేచిపోకండి. మైకు ముందే 30 సెకన్లు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోండి. తండ్రి మాటకూ కూతురి మాటకూ మధ్య ఎడిటర్ పరిచేది ఆ నిశ్శబ్దాన్నే. అది లేకపోతే మాట ఆగిన ప్రతిచోటా ఫోన్ కట్టయినట్టు వినిపిస్తుంది.