మ్యాక్‌కి విండోస్ కీబోర్డు తగిలిస్తే స్క్రీన్‌షాట్ తీసేదెలా?

ఆఫీసువాళ్లు మ్యాక్‌బుక్ చేతిలో పెట్టారు. ఇంట్లో చూస్తే పాత డెస్క్‌టాప్ తాలూకు కీబోర్డు నిక్షేపంలా ఉంది. కొత్తది కొనడమెందుకని దాన్నే తగిలించారు. టైపింగ్ బాగానే సాగుతుంది. స్క్రీన్‌షాట్ తీయాల్సి వచ్చినప్పుడే చిక్కు. ఎవరినడిగినా కమాండ్, షిఫ్ట్, 3 కలిపి నొక్కమంటారు. మీ ముందున్న కీబోర్డులో కమాండ్ అనే కీయే లేదు.

కమాండ్ బదులు విండోస్ గుర్తున్న కీ నొక్కాలి. షిఫ్ట్‌కి మారుపేరేమీ లేదు, రెండు కీబోర్డుల్లోనూ షిఫ్ట్ షిఫ్టే. అంటే విండోస్ కీ, షిఫ్ట్, 3 కలిపి నొక్కితే తెర మొత్తం ఫొటో పడుతుంది. 3 బదులు 4 నొక్కితే బాణం గుర్తు పోయి కూడిక గుర్తులాంటిది వస్తుంది, దాంతో కావలసినంత మేర గీసుకోవచ్చు. 5 నొక్కితే చిన్న పట్టీ తెరుచుకుంటుంది. తెర మీద జరిగేది వీడియోగా తీసే సదుపాయం కూడా అందులోనే ఉంటుంది. అంకె మాత్రం అక్షరాల పైవరుసలోదే నొక్కాలి. కుడిపక్క నంబర్ ప్యాడ్‌లో ఉన్న 3ని మ్యాక్ వేరే కీగా లెక్కేస్తుంది.

ఏ సెట్టింగూ మార్చకుండానే ఇది ఎందుకు పనిచేస్తుందంటే, కీ మీద ఏ బొమ్మ అచ్చేశారో కంప్యూటరుకు తెలియదు. కీ నొక్కగానే కీబోర్డు ఒక కోడ్ పంపుతుంది, అంతే. యూఎస్‌బీ కీబోర్డుల ప్రమాణంలో విండోస్ కీకీ, ఆపిల్ కమాండ్ కీకీ ఒకే కోడ్ కేటాయించారు. ఆల్ట్‌కీ ఆప్షన్‌కీ కూడా అంతే, ఇద్దరికీ ఒకటే. కాబట్టి మీరు విండోస్ కీ నొక్కితే మ్యాక్‌కి చేరేది కమాండే.

మరి ఇంతమంది ఎందుకు తడబడతారంటే, కీలున్న చోటు వల్ల. ఆపిల్ కీబోర్డులో స్పేస్‌బార్‌కి ఎడమన ఆనుకుని కమాండ్, దాని పక్కన ఆప్షన్ ఉంటాయి. విండోస్ కీబోర్డులో స్పేస్‌బార్ పక్కనుండేది ఆల్ట్, ఆ తర్వాతే విండోస్ కీ. మ్యాక్‌బుక్‌కి అలవాటుపడిన బొటనవేలు చూడకుండానే స్పేస్‌బార్ పక్క కీ మీదికి పోతుంది. అక్కడున్నది ఆల్ట్, అంటే మ్యాక్ దృష్టిలో ఆప్షన్. స్క్రీన్‌షాట్ రాదు.

ఈ పొరపాటు పట్టుకోవడానికి తేలికైన దారి ఉంది. ఏదైనా నోట్ తెరిచి, అందులో కర్సర్ ఉండగా మీరు రోజూ నొక్కే మూడు కీలూ నొక్కండి. మామూలు అమెరికన్ ఇంగ్లిష్ లేఅవుట్‌లో ఉన్నప్పుడు ‹ అనే గుర్తు పడిందంటే మీరు నొక్కింది ఆల్ట్. 4తో అయితే › పడుతుంది. ఏ అక్షరమూ పడలేదు, ఫొటో కూడా రాలేదు అంటే బహుశా కంట్రోల్ నొక్కి ఉంటారు. విండోస్‌లో కాపీ, పేస్ట్ అన్నీ కంట్రోల్‌తోనే చేసినవారికి చెయ్యి అటే పోతుంది. విండోస్‌లో చాలామందికి అలవాటైన విండోస్, షిఫ్ట్, ఎస్ కలయిక కూడా ఇక్కడ ఫొటో తీయదు. మ్యాక్‌కి అది కమాండ్, షిఫ్ట్, ఎస్. చాలా ప్రోగ్రాముల్లో ఫైలుని మరో పేరుతో దాచడానికో, నకలు తీయడానికో వాడేది.

అన్నీ సరిగ్గానే నొక్కినా చలనం లేకపోతే కీబోర్డుని అనుమానించాలి. గేమింగ్ కోసం చేసిన కీబోర్డులు చాలావాటిలో ఆట మధ్యలో పొరపాటున తగలకుండా విండోస్ కీని ఆపేసే ఏర్పాటుంటుంది. అది ఆన్ అయి ఉంటే మ్యాక్‌కి కమాండ్ చేరనే చేరదు. విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కి చూడండి. వెతుకులాట పెట్టె తెరుచుకుంటే కీ బతికే ఉన్నట్టు.

వేళ్ల అలవాటు మార్చుకోలేనివారు కీలనే తారుమారు చేసుకోవచ్చు. System Settingsలో Keyboard, అందులో Keyboard Shortcuts, ఎడమ జాబితాలో Modifier Keys నొక్కండి. పైన కీబోర్డు ఎంచుకునే చోటు ఉంటుంది, దాన్ని మాత్రం దాటేయకండి. ఈ మార్పు ఏ కీబోర్డుకి చేస్తే దానికే వర్తిస్తుంది. బయటి కీబోర్డు బదులు మ్యాక్‌బుక్ సొంత కీబోర్డు ఎంపికై ఉంటే, బాగున్నది పాడవుతుంది, బాగుపడాల్సింది అలాగే ఉంటుంది. వైర్‌లెస్ కీబోర్డు పేరు కొన్నిసార్లు జాబితాలో USB Receiver అని కనిపిస్తుంది, కంగారుపడకండి. సరైనది ఎంచుకుని Option key ఎదురుగా Command, Command key ఎదురుగా Option పెట్టండి. ఇక నుంచి ఆ కీబోర్డులో స్పేస్‌బార్ పక్కనున్న ఆల్టే కమాండ్. స్క్రీన్‌షాట్‌కి ఆల్ట్, షిఫ్ట్, 3 నొక్కాలి. ఒకే కీ మీద రెండు పేర్లూ అచ్చేసి అమ్మే కీబోర్డుల్లో కొన్ని ఈ పని అవే చేసుకుంటాయి, వాటికి మళ్లీ సెట్టింగు మారిస్తే మొదటికొస్తుంది.

నన్నడిగితే నిత్యం పనికొచ్చేది 3 కాదు, 4. కరెంటు బిల్లు కట్టారు, రసీదు తెర మీద ఉంది, ఆ ముక్క మాత్రమే ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. కీలు తారుమారు చేయని కీబోర్డులో కంట్రోల్, విండోస్ కీ, షిఫ్ట్, 4 కలిపి నొక్కండి. రసీదు ఒక మూల నుంచి ఎదుటి మూలకి మౌస్ లాగి వదలండి. గీత కాస్త పక్కకి పోయిందనుకుంటే, మౌస్ వదలకుండా స్పేస్‌బార్ నొక్కిపట్టి జరిపితే పెట్టె మొత్తం జరుగుతుంది. కంట్రోల్ కలిపారు కాబట్టి డెస్క్‌టాప్ మీద ఫైలేమీ పడదు, బొమ్మ క్లిప్‌బోర్డులో ఉంటుంది. వాట్సాప్‌లో విండోస్ కీ, వి నొక్కితే అతుక్కుంటుంది. ఇక్కడ కంట్రోల్ అంటే అచ్చంగా కంట్రోలే, దానికి ప్రత్యామ్నాయం వెతకనక్కర్లేదు. రసీదు ఉన్న విండో మొత్తం కావాలంటే 4 నొక్కాక స్పేస్‌బార్ ఒకసారి నొక్కి వదిలి, ఆ విండో మీద క్లిక్ చేయాలి. చుట్టూ పడే నీడ వద్దనుకుంటే క్లిక్ చేసేటప్పుడు ఆల్ట్ పట్టుకోండి.

ఇక ప్రింట్ స్క్రీన్ కీ సంగతి. విండోస్ కీబోర్డు మీద ఫొటో తీయడానికే పుట్టిన కీ అది. మ్యాక్‌కి మాత్రం అది ఎఫ్13. దానికి అక్కడ ఏ పనీ అప్పజెప్పి ఉండదు, అందుకే ఎంత నొక్కినా ఉలకదు. పని మనమే అప్పజెప్పవచ్చు. అదే Keyboard Shortcutsలో Screenshots తెరిచి, Save picture of screen as a file ఎదురుగా ఉన్న కీల గుర్తుల మీద రెండుసార్లు క్లిక్ చేసి, ప్రింట్ స్క్రీన్ నొక్కండి. అక్కడ F13 అని పడుతుంది. ఇక ఒక్క కీతో తెర మొత్తం ఫొటో వస్తుంది. కాకపోతే ఒక్కో పనికి ఒక్క షార్ట్‌కట్టే ఉంటుంది, పైగా ఇది కీబోర్డుల వారీగా ఉండే మార్పు కాదు. రేపు కీబోర్డు ఇంట్లో వదిలేసి మ్యాక్‌బుక్ ఒక్కటే పట్టుకెళ్తే, దాని మీద ఎఫ్13 ఉండదు, కమాండ్, షిఫ్ట్, 3 పనిచేయదు. అందుకని ప్రింట్ స్క్రీన్‌కి ఈ ఒక్క పనే ఇచ్చి, 4నీ 5నీ ముట్టుకోకుండా ఉంచుకుంటే మేలు. పట్టీలో తెర మొత్తం తీసే బొత్తం ఎలాగూ ఉంది. పాత పద్ధతే కావాలనుకున్న రోజున అదే పేజీలో Restore Defaults నొక్కితే చాలు.